ఒక్క పీఎస్5, ముగ్గురు పిల్లలు: ఎవరి వయసుకి తగ్గ గేమ్ వాళ్ళకే తెరుచుకునేలా సెట్ చేయడం

మొన్న ఆదివారం పొద్దున్నే అక్క ఫోన్, "ఒరేయ్, చిన్నది టీవీలో ఎవర్నో తుపాకీతో కాల్చేస్తోందిరా, నువ్వు ఓసారి రా" అని. ఎంవీపీ కాలనీ నించి గాజువాక వెళ్ళేసరికి పది దాటింది. వెళ్ళి చూస్తే ముగ్గురూ టీవీ ముందే ఉన్నారు. పెద్దోడికి 15, నడిపోడికి 11, చిన్నదానికి 7. కన్సోల్ ఆన్ చేస్తే స్క్రీన్ మీద ఒకే ఒక్క యూజర్, మా బావది, పాస్‌కోడ్ లేదు, కార్డు సేవ్ అయి ఉంది. ముగ్గురూ అందులోంచే ఆడుతున్నారు.

అంటే కన్సోల్ లెక్కలో అక్కడ పిల్లలే లేరు, నలభై దాటిన స్టీల్ ప్లాంట్ ఉద్యోగి ఒకాయన పొద్దంతా గేమ్స్ ఆడుతున్నాడు అంతే. పేరెంటల్ కంట్రోల్ అనగానే చాలామంది అదేదో పెట్టెకి వేసే తాళం అనుకుంటారు గానీ పీఎస్5లో తాళం ప్రతి పిల్లాడి అకౌంట్‌కి విడివిడిగా పడుతుంది. పిల్లలకి అకౌంట్ లేకపోతే తాళం వేయడానికి తలుపే లేదన్నమాట. ఆ రోజు అక్కావాళ్ళింట్లో ఏం చేశానో అదే వరసలో రాస్తున్నా, మధ్యలో ఎక్కడ బోల్తా పడ్డామో కూడా.

ముందు ఫ్యామిలీ మేనేజర్ ఎవరో తేల్చుకోండి

పిల్లల్ని మొదట యాడ్ చేసిన పెద్దవాళ్ళే ఆ ఫ్యామిలీకి మేనేజర్ అవుతారు, తర్వాత ఆ పదవిని ఇంకొకరి మీదకి మార్చడం కుదరదు. అందుకని హడావుడిలో మావయ్య ఫోన్‌లో ఉన్న అకౌంట్‌తోనో, ఇంటికొచ్చిన బాబాయ్ అకౌంట్‌తోనో మొదలెట్టేయకండి. గేమ్స్ కొన్నది ఎవరి అకౌంట్‌లో, కార్డు ఎవరిది, వాళ్ళనే మేనేజర్‌గా పెడితే తర్వాత తలనొప్పి తగ్గుతుంది. మాకు అది బావ. మేనేజర్ కాక ఇంకో ఆరుగురిని చేర్చుకోవచ్చు, మొత్తం ఏడుగురు, మామూలు ఇంటికి సరిపోతుంది.

బావ యూజర్‌లోకి వెళ్ళి Settings > Family and Parental Controls > Family Management, అక్కడ Add Family Member. పిల్లలకి ఒక దారి, పెద్దవాళ్ళకి ఒక దారి ఉంటుంది. పిల్లల దారిలో పుట్టిన తేదీ అడుగుతుంది, దాన్నిబట్టే మిగతావన్నీ నడుస్తాయి కాబట్టి నిజం తేదీయే ఇవ్వండి. ఒక్కొక్కరికి ఒక్కో ఈమెయిల్ కావాలి, ఒకే మెయిల్‌తో ముగ్గురికి కుదరదు. ఆ మెయిల్స్ పాస్‌వర్డ్‌లు మీ దగ్గరే ఉండాలి, పిల్లలకి చెప్పారంటే మళ్ళీ మొదటికొస్తుంది.

తర్వాత అక్కని కూడా చేర్చాం. అక్కకి తన సొంత అకౌంట్ ఉండాలి, ఇన్విటేషన్ మెయిల్ వస్తుంది, ఒప్పుకున్నాక బావ ఆవిడని Parent/Guardian గా పెట్టాలి. ఇది ఎందుకంటే బావవి షిఫ్టు డ్యూటీలు, ఆయన బి షిఫ్టులో ఉన్నప్పుడు పిల్లాడు ఇంకో అరగంట కావాలని అడిగితే జవాబు చెప్పడానికి ఇంట్లో ఎవరో ఉండాలి కదా. పెద్దవాళ్ళని ఊరికే చేర్చి వదిలేస్తే పిల్లల సెట్టింగ్స్ మార్చే అధికారం రాదు, ఆ గార్డియన్ అన్నది ఆన్ చేస్తేనే వస్తుంది.

పెద్దోడి దొంగ అకౌంట్ సంగతి

ఇక్కడే పెద్ద మెలిక. పెద్దోడు రెండేళ్ళ కిందట ఫ్రెండు ఇంట్లో తనకి తానే ఒక అకౌంట్ చేసుకున్నాడట, పుట్టిన సంవత్సరం 1998 అని కొట్టి. అంటే వాడి అకౌంట్ లెక్కలో వాడు మా కన్నా కొంచెమే చిన్నోడు. అలాంటి పెద్దల అకౌంట్‌ని ఫ్యామిలీలోకి తెచ్చినా దాని మీద పేరెంటల్ కంట్రోల్స్ పెట్టలేం, అవి పిల్లల అకౌంట్లకే. చాలా ఇళ్ళలో సెట్టింగ్ అంతా చేశాం, పని చేయట్లేదు అనడానికి కారణం ఇదే అయ్యుంటుంది, పెద్ద పిల్లాడు ఎప్పుడో వయసు అబద్ధం చెప్పి ఉంటాడు.

వాడికి కొత్తగా పిల్లల అకౌంట్ చేయడం తప్ప దారి లేదు. "ఏటి మావయ్యా, నా సేవ్‌లన్నీ పోయినట్టేనేటి?" అని మొహం వేలాడేశాడు. పోలేదు గానీ కొత్త అకౌంట్‌లోకి రావు కూడా, సేవ్‌లు ట్రోఫీలు ఏ అకౌంట్‌వి ఆ అకౌంట్‌కే. మరి ఆ పాత అకౌంట్‌లో పండగ డబ్బులతో కొన్న మూడు గేమ్స్? వాటిని కాపాడొచ్చు, షేరింగ్ దగ్గర చెప్తా. అప్పటికి మాత్రం పాత అకౌంట్‌ని డిలీట్ చేయకండి, పాస్‌వర్డ్ మార్చి మీ దగ్గర పెట్టుకోండి.

కొన్న గేమ్ అందరికీ కనిపించేలా

పిల్లలకి విడి అకౌంట్లు చేయగానే వచ్చే మొదటి ఫిర్యాదు "నా దాంట్లో గేమ్ ఓపెన్ అవట్లేదు". డిజిటల్‌గా కొన్న గేమ్ కొన్నవాళ్ళ అకౌంట్‌ది. మిగతావాళ్ళు ఆడాలంటే కొన్నవాళ్ళ యూజర్‌లోంచి Settings > Users and Accounts > Other > Console Sharing and Offline Play కి వెళ్ళి Enable చేయాలి. అది ఆన్ ఉంటే ఆ కన్సోల్‌లో ఉన్న ఏ యూజర్ అయినా ఆ గేమ్స్ ఆడొచ్చు, ప్లేస్టేషన్ ప్లస్ చందా ఉంటే ఆన్‌లైన్ మల్టీప్లేయర్ కూడా వాళ్ళకి వస్తుంది, ముగ్గురికీ విడిగా కొననక్కర్లేదు.

ఒక్క షరతు, ఒక అకౌంట్‌కి ఇది ఒక్క పీఎస్5 మీదే ఆన్ ఉంటుంది. మా బావ సంక్రాంతికి కంచరపాలెంలో వాళ్ళ తమ్ముడింటికి వెళ్ళినప్పుడు అక్కడి కన్సోల్‌లో లాగిన్ అయి అక్కడ ఆన్ చేసొచ్చేశాడు, అడిగితే గుర్తు కూడా లేదు. గాజువాకలో ఆన్ చేశాకే ఇక్కడి పిల్లలకి తెరుచుకున్నాయి.

కానీ తిరగేస్తే, ఒక కన్సోల్ మీద ఎన్ని అకౌంట్లకైనా ఇది ఆన్ చేయొచ్చు. అందుకే పెద్దోడి 1998 అకౌంట్‌ని కూడా కన్సోల్‌లో ఉంచి, దానికీ షేరింగ్ ఆన్ చేసి, వాడికి తెలియని పాస్‌కోడ్ పెట్టేశాం. ఆ మూడు గేమ్స్ ఇప్పుడు వాడి కొత్త అకౌంట్‌లోంచే ఆడుకుంటున్నాడు, సేవ్ మాత్రం మొదట్నించి. రెండ్రోజులు అలిగాడు.

జగదాంబ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న డిస్క్‌లకి ఈ షేరింగ్ గొడవ లేదు, డిస్క్ లోపల ఉంటే ఎవరైనా ఆడొచ్చు. అయితే వయసు తాళం మాత్రం డిస్క్‌కి కూడా వర్తిస్తుంది.

ఎవరికి ఏ లెవల్

Family Management లో పిల్లాడి పేరు నొక్కితే Parental Controls వస్తుంది. పైన రెడీమేడ్‌గా చిన్నపిల్లలకి, టీనేజ్ మొదట్లో ఉన్నవాళ్ళకి, టీనేజ్ చివర్లో ఉన్నవాళ్ళకి అని సెట్టింగ్స్ ఉంటాయి. నేను వాటిని మొదలుపెట్టడానికి వాడి, తర్వాత ఒక్కొక్కటీ తెరిచి మార్చాను. ఎందుకంటే ముగ్గురు పిల్లలున్న ఇంట్లో ఒకే పిల్లాడికి కూడా గేమ్ విషయంలో ఒక లెవల్, చాట్ విషయంలో ఇంకో లెవల్ కావాల్సి వస్తుంది.

మన దగ్గర దొరికే డిస్క్ కవర్ మీద మామూలుగా ఉండే గుర్తు పెగి రేటింగ్, యూరప్‌వాళ్ళది. 3, 7, 12, 16, 18 అని అయిదే అంకెలు. మన పిల్లల వయసులు ఆ అంకెల మధ్యలో పడతాయి, అదే చిక్కు. పదకొండేళ్ళ నడిపోడికి 7 అంటే చిన్నతనం, 12 అంటే ఒక ఏడాది ముందు. పదిహేనేళ్ళవాడికి 12 చాలదు, 16 మొత్తం తెరిస్తే ఆ అంకె ఉన్నవన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి.

నేను చేసింది ఏంటంటే లెవల్‌ని కింది అంకె దగ్గరే ఆపి, పైవాటిలో ఒక్కో గేమ్‌కి విడిగా పర్మిషన్ ఇవ్వడం. చిన్నదానికి 7, నడిపోడికి కూడా 7, పెద్దోడికి 12. తర్వాత పెద్దోడు తన అకౌంట్‌లో స్పైడర్‌మ్యాన్ 2 నొక్కాడు, అది పెగి 16, తెరుచుకోలేదు. అక్కడే పర్మిషన్ అడిగే ఆప్షన్ ఉంటుంది, అడిగాడు, బావకి మెయిల్ వచ్చింది, ఒప్పుకున్నాడు. అది వాడి పేరు కింద Allowed Games లిస్టులో చేరింది. ఆ ఒక్క గేమ్ ఆ ఒక్క పిల్లాడికే, మిగతా ఇద్దరికీ తాళం తాళంలాగే ఉంది. జీటీఏ 5 కూడా అడిగాడు, అది 18, బావ నో అన్నాడు. నడిపోడికి ఇట్ టేక్స్ టూ ఇచ్చాం, పెగి 12, ఇద్దరు కలిసి ఆడేది, అన్నదమ్ములు ఒక గంట కొట్టుకోకుండా కూర్చున్నారు.

ఈ పద్ధతిలో పని ఎక్కువ, ప్రతి గేమ్‌కీ ఒక మెయిల్. కానీ నెలకి ఒకటో రెండో కొత్త గేమ్స్ వచ్చే ఇంట్లో ఇది మోయలేని బరువేం కాదు, పైగా ఆ గేమ్ ఏంటో ఒకసారి చూసే అవకాశం దొరుకుతుంది. లెవల్ మార్చే పేజీలోనే బ్లూరే, డీవీడీలకి కూడా విడిగా లెవల్స్ ఉంటాయి, సినిమా డిస్క్‌లు ఉన్న ఇల్లయితే అవి కూడా చూసుకోండి, చాలామంది గేమ్ దగ్గర ఆపేస్తారు.

కవర్ మీద 3 అని ఉన్నా

రేటింగ్ చెప్పేది గేమ్‌లో కనిపించే, వినిపించే సంగతుల గురించి. ఆన్‌లైన్‌లో అవతలివాడు ఏం మాట్లాడతాడో అది చెప్పదు, గేమ్ కష్టమా తేలికా అన్నది కూడా చెప్పదు. ఉదాహరణకి ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ 25 ఫుట్‌బాల్ గేమ్, కవర్ మీద 3. చిన్నదానికి కూడా తెరుచుకుంటుంది. ఆన్‌లైన్‌కి వెళ్తే తెలియనివాళ్ళతో ఆట, ఇంకా డబ్బులు పెట్టి ప్యాక్‌లు కొనడం. వయసు తాళం దీన్ని ఆపదు.

ఆపేవి వేరే రెండు. ఒకటి Communication and User-Generated Content, దాన్ని చిన్నదానికీ నడిపోడికీ Restrict చేశాం. పెద్దోడికి ఫ్రెండ్స్‌తో మాట్లాడకపోతే ఆటే కాదట, వాడికి వదిలేశాం. రెండోది నెలవారీ ఖర్చు పరిమితి. పిల్లల అకౌంట్‌కి సొంత వాలెట్ ఉండదు, కొంటే ఫ్యామిలీ మేనేజర్ వాలెట్ నించే పోతుంది. ముగ్గురికీ Monthly Spending Limit సున్నా ఉందో లేదో కళ్ళతో చూసుకోండి. సున్నా ఉన్నా ఉచిత గేమ్స్ దిగుతాయి, అది వేరే సంగతి.

ఫోర్ట్‌నైట్, రోబ్లాక్స్ లాంటివాటికి తమ సొంత అకౌంట్, సొంత పేరెంటల్ సెట్టింగ్స్ ఉంటాయి. పీఎస్5లో కట్టేశాం కదా అని ఊరుకోకుండా వాటిలోకి కూడా వెళ్ళి చాట్, ఖర్చు చూసుకోవాలి, ఎందుకంటే అదే రోబ్లాక్స్ అకౌంట్‌తో పిల్లాడు అమ్మ ఫోన్‌లో ఆడితే అక్కడ పీఎస్5 మాట చెల్లదు.

పక్క తలుపులు మూయడం

ఇంత చేసి బావ యూజర్‌ని తెరిచి ఉంచితే అన్నీ దండగ. మూడు చోట్ల తాళం వేయాలి.

మొదటిది, పెద్దవాళ్ళ ప్రతి యూజర్‌కీ, ఆ 1998 అకౌంట్‌తో సహా, Settings > Users and Accounts > Login Settings లో 4 అంకెల పాస్‌కోడ్. బావ మొదట పెళ్ళిరోజు పెట్టాడు, పక్కనే కూర్చున్న చిన్నది కంట్రోలర్ మీద ఆయన వేళ్ళు చూసి సాయంత్రానికల్లా లోపలికి వెళ్ళిపోయింది. కాబట్టి కొట్టేటప్పుడు పిల్లలు పక్కన ఉండకూడదు, అంతే.

రెండోది, అదే యూజర్‌లో కొనేటప్పుడు ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టాలి, అది Users and Accounts > Account కింద పేమెంట్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. ఖర్చు పరిమితి పిల్లల అకౌంట్ల మీదే పనిచేస్తుంది, నాన్న అకౌంట్‌లోకి దూరిన పిల్లాడికి ఏ పరిమితీ లేదు.

మూడోది ఎవరూ పట్టించుకోనిది. Family and Parental Controls లోనే PS5 Console Restrictions అని ఉంటుంది, పాస్‌కోడ్ అడుగుతుంది, ఎవరూ మార్చకపోతే అది 0000. అంటే యూట్యూబ్ చూసే ప్రతి పిల్లాడికీ తెలుసు. ముందు దాన్ని మార్చి, తర్వాత User Creation and Guest Login ని వద్దు అని పెట్టండి. లేకపోతే పిల్లాడు కొత్త యూజర్ ఒకటి చేసుకునో, గెస్ట్‌గా వచ్చో మీ సెట్టింగ్స్ అన్నిటికీ బయట కూర్చుంటాడు. ఈ పాస్‌కోడ్ మర్చిపోతే కన్సోల్ మొత్తం రీసెట్ చేసుకోవాల్సి వస్తుంది కాబట్టి ఎక్కడైనా రాసుకోండి, మా అక్క రేషన్ కార్డు వెనకాల రాసి బీరువాలో పెట్టింది.

టైము, పెద్దోడు ఆడుతుంటే చిన్నది చూడకుండా

పిల్లాడి పేరు కింద Playtime Settings. ముందు టైమ్ జోన్ అడుగుతుంది, మనది పెట్టండి. పొరపాటున లండన్ పెట్టారనుకోండి, చలికాలంలో అక్కడ అర్ధరాత్రి అయ్యేసరికి మనకి పొద్దున్న 5:30, రోజు మారేది అప్పుడే, అప్పుడు లెక్కలన్నీ అర్థం కాకుండా పోతాయి.

రోజుకి ఎంతసేపు, ఏ గంట నించి ఏ గంట దాకా, రెండూ విడిగా పెట్టొచ్చు, వారంలో ఒక్కో రోజుకి ఒక్కోలా కూడా. చాలామంది ఎంతసేపు అన్నదే చూస్తారు, నాకైతే ఏ గంటల్లో అన్నదే ఎక్కువ పనికొచ్చింది. పెద్దోడు తన అకౌంట్‌లో స్పైడర్‌మ్యాన్ ఆడుతుంటే పక్కన చిన్నది నోరు తెరుచుకుని చూస్తుంటుంది, దీన్ని ఏ సెట్టింగూ ఆపదు. అందుకని చిన్నదానికి సాయంత్రం 5 నించి 6, నడిపోడికి 6 నించి 7, పెద్దోడికి శని ఆదివారాల్లో రాత్రి 8:30 నించి 10:30, అప్పటికి చిన్నది అన్నం తిని పడుకుంటుంది. మామూలు రోజుల్లో పెద్దోడికి లేదు, టెన్త్ కదా.

టైమ్ అయిపోతే ఏం చేయాలన్నదానికి రెండు దారులు, ఊరికే చెప్పి ఊరుకోవడం, లేదా లాగౌట్ చేసేయడం. మొదటి వారం ఊరికే చెప్పేది పెట్టండి. నేరుగా లాగౌట్ పెడితే సేవ్ కాకుండా ఆట పోయి ఇంట్లో ఏడుపులు. పిల్లలకి ఎప్పుడు సేవ్ చేసుకోవాలో అలవాటయ్యాక మార్చండి, చెప్పి ఊరుకోవడం మీద ఎల్లకాలం ఉంటే మాత్రం అది పరిమితి కాదు, గోడ గడియారం.

ఇంకో సంగతి, టైము లాగిన్ అయి ఉన్నవాడి ఖాతాలో పడుతుంది. నడిపోడు లాగిన్ వదిలేసి టిఫిన్‌కి వెళ్తే చిన్నది వాడి దాంట్లో ఆడేసింది, వాడి గంటలో ముప్పావు పోయింది. ఆ దెబ్బతో వాడే లేచేటప్పుడు లాగౌట్ చేయడం మొదలెట్టాడు, మేం చెప్తే ఎప్పుడూ వినలేదు.

ఇంకాసేపు కావాలన్నా పిల్లలు కన్సోల్‌లోంచే అడగొచ్చు. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన ప్లేస్టేషన్ ఫ్యామిలీ యాప్ ఫోన్‌లో ఉంటే అక్క వంటింట్లోంచే అవుననో కాదనో నొక్కేస్తుంది, ఎవరు ఎంతసేపు ఏం ఆడారో కూడా అందులో కనిపిస్తుంది.

పరీక్ష పెట్టకుండా లేవకండి

ముగ్గురి యూజర్లలోకీ ఒక్కొక్కటిగా వెళ్ళి మూడేసి గేమ్స్ నొక్కి చూశాను. చిన్నదాని దాంట్లో రాచెట్ అండ్ క్లాంక్ రిఫ్ట్ అపార్ట్, పెగి 7, తెరుచుకోవాలి. ఇట్ టేక్స్ టూ, స్పైడర్‌మ్యాన్ తెరుచుకోకూడదు. నడిపోడి దాంట్లో మొదటి రెండూ, పెద్దోడి దాంట్లో మూడూ.

తెరుచుకోకూడనిది తెరుచుకుంటే Allowed Games లో పొరపాటున చేరిందేమో చూడండి. అక్కడ లేకపోతే ఆ యూజర్ అసలు మీ ఫ్యామిలీలో ఉందా అని చూడండి, అకౌంట్ లేకుండా ఊరికే పేరు పెట్టి చేసిన యూజర్ అయితే ఫ్యామిలీ లిస్టులో కనపడదు.

తెరుచుకోవాల్సింది తాళంతో ఉంటే అది వయసు తాళమా, లైసెన్స్ తాళమా తేల్చుకోవాలి, జనం ఎక్కువ తికమకపడేది ఇక్కడే. బావ యూజర్‌లో అదే గేమ్ నడిచి, పిల్లల ముగ్గురి దాంట్లోనూ రేటింగ్‌తో పని లేకుండా అన్నీ ఆగిపోతే అది లైసెన్స్, షేరింగ్ ఇంకో కన్సోల్‌లో ఉందన్నమాట. షేరింగ్ ఆన్ ఉండి కూడా అలాగే ఉంటే కొన్నవాళ్ళ యూజర్‌లో Users and Accounts > Other > Restore Licenses ఒకసారి నొక్కండి. 7 తెరుచుకుని 16 ఆగిపోతే అది వయసు తాళం, అంటే మీ సెట్టింగ్ పనిచేస్తోంది.

నడిపోడికి ఆగస్టులో పన్నెండు నిండుతాయి. మేం చేత్తో పెట్టిన లెవల్‌ని చేత్తోనే మార్చాలి, అందుకని అక్క గ్యాస్ కంపెనీ క్యాలెండర్ మీద ఆ తేదీకి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది, నడిపోడు దాని పక్కనే బ్లూ పెన్నుతో ఇంకోటి చుట్టాడు.